అప్‌డేట్: అద్దానికి అంటుకుపోయిన అక్క పెళ్లి ఫోటో

అప్పుడు నేను అడిగింది: "1961లో కావలిలో జరిగిన మా అక్క పెళ్లి ఫోటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. ఎలా విడదీయాలి? చివర్లో ముఖం అలికినట్టున్న పిల్ల ఎవరో కూడా తెలియడం లేదు."

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. "లాగవద్దు" అన్నవారి మాటే నిలిచింది. నెల్లూరులో పాత ఫోటోలు బాగుచేసే ఆయన చూసి, తేమకు ఫోటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి పట్టేసిందన్నారు. లాగితే పెళ్లికూతురి ముఖం అద్దం మీదే ఉండిపోతుందట! అందుకని అద్దంతోనే మళ్లీ ఫోటో తీశారు. రెండు పక్కల నుంచి ఏటవాలుగా దీపాలు, ప్రతిబింబం పడకుండా కెమెరా చుట్టూ నల్లగుడ్డ, అంతే. హెయిర్ డ్రయ్యర్ సలహా అక్కరకు రాలేదు. నల్లటి చోట్ల నీలంగా మెరిసేది నేననుకున్నట్టు బూజు కాదు, పైకి తేలిన వెండి. దాన్ని తుడవకూడదు.

పెద్దది చేసి చూస్తే ఆ పిల్ల ముఖం ఒక్కటే చెదిరింది, గౌను బొత్తాలు స్పష్టంగా ఉన్నాయి. అంటే సరిగ్గా ఆ క్షణంలో తల తిప్పింది. చేతిలో సగం కొరికిన అరిసె. నాయనమ్మ పిలిచిందని వెనక్కి తిరిగి, ఫోటోగ్రాఫరు చేత తిట్లు తిన్నది నేనే. అప్పుడు నాకు ఆరేళ్లు.