చిన్నాన్న షష్టిపూర్తికి నాలుగు మాటలు: అబద్ధం లేకుండా, నొప్పించకుండా రాయడం కుదురుతుందా?

ప్రశ్న – పర్లాకిమిడి ఆడపడుచు
వచ్చే నెలలో మా చిన్నాన్న షష్టిపూర్తి. అరపేజీ రాసి అందరి ముందూ చదవమని ఆయన కూతురు నన్ను అడిగింది. నాన్న పోయాక జరిగిన పంపకంలో వీధివైపు గదులన్నీ ఆయన తీసుకుని, అమ్మకు పెరటి వాటా మిగిల్చారు. నేను ఒడియా బడిలో చేరిన ఏడాది రోజూ సాయంత్రం కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే. ఏం రాయాలి?

బరంపురం వ్యాపారి
అందరూ రాసేదే రాయండి. పుట్టినరోజు మాటలను ఎవరూ కోర్టులో సాక్ష్యంలా తూచరు. ‘తండ్రి తర్వాత తండ్రి’, ‘చేతికి ఎముక లేని మనిషి’ అని చదివేస్తే ఆయనా సంతోషిస్తారు, సభా సంతోషిస్తుంది.

రాయగడ కోడలు
నేను అలాగే మా అత్తగారిని ‘అమ్మను మించిన అత్త’ అని రాశాను. ఆ తర్వాత ఎప్పుడు మాట పట్టింపు వచ్చినా, ఆ కాగితం తీసి నాకే చదివి వినిపించేవారు. మాట తేలికగా రాసేశాను గాని, దాన్ని మోయడం నాకు చాలా కష్టమైంది.

కొరాపుట్ నుంచి ఒకరు
ముందు పంపకం దస్తావేజు నకలు తీయించండి. అమ్మగారి వాటా తేలకుండా శుభాకాంక్షలేమిటి?

గుణుపురం మాస్టారు
ఆవిడ అడిగింది వాటా గురించి కాదు, కాబట్టి దస్తావేజును పక్కన పెడదాం. సభ పుట్టినరోజు మాటలను తూచదని వ్యాపారిగారు అన్నది సగం నిజం. పరాయివాళ్ళు తూచరు, కాని పంపకం సంగతి తెలిసిన బంధువులు ముందు వరుసలోనే కూర్చుంటారు. వాళ్ళ ముందు ‘చేతికి ఎముక లేదు’ అని చదివితే అది పొగడ్తగా కాక ఎత్తిపొడుపుగా వినిపిస్తుంది, చిన్నాన్నగారు తల దించుకోవలసి వస్తుంది. అతిగా పొగడడంలో అబద్ధం ఒక్కటే కాదు, ఆ దెబ్బ కూడా ఉంటుంది.

అమ్మా, ‘ఆయన ఇలాంటివారు’ అనే వాక్యం ఒక్కటి కూడా రాయకండి. అలాంటి వాక్యం మనిషి మొత్తానికి తీర్పు చెబుతుంది, ఆ తీర్పు మీ మనసులో ఇంకా తేలలేదు. ‘ఆయన ఇది చేశారు, నేను చూశాను’ అనే వాక్యానికి ఆ చిక్కు లేదు. అక్షరాలు దిద్దించిన సంగతి ఒక్కటే తీసుకుని దగ్గరగా చూపించండి. ‘ఎన్ని ఉన్నా’, ‘ఏమైనా సరే’ అన్న మాటలు రానివ్వకండి, ఎందుకంటే ఆ ‘ఎన్ని’ ఏమిటో సభలో అందరూ లెక్కపెడతారు. చిన్నప్పటి నుంచీ ‘నువ్వు’ అని పిలిచి ఉంటే కాగితం మీద ‘మీరు’ అనకండి, ఆ గౌరవంలోనే దూరం తెలిసిపోతుంది. వయసులో చిన్నవారు కనుక దీవించకుండా, నిజంగా కోరుకోగలిగినది ఒక్కటి కోరుకోండి.

పర్లాకిమిడి ఆడపడుచు
మాస్టారూ, రాత్రి కూర్చుని ఇలా రాశాను:

“చిన్నాన్నా, నువ్వు పుట్టిన విశ్వావసు అరవై ఏళ్ళు తిరిగి మళ్ళీ వచ్చింది. నాకు ఏడేళ్ళప్పుడు బడిలో ఒక్క ముక్క అర్థం కాక ఏడుస్తూ వస్తే, నువ్వు నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, ‘తల గుండ్రంగా తిప్పు’ అంటూ వేలు పట్టి పలక మీద ఒడియా అక్షరాలు దిద్దించావు. ఈ రోజుకీ ఒడియాలో దరఖాస్తు రాస్తుంటే, ఆ గుండ్రని తల దగ్గర నీ చెయ్యి గుర్తొస్తుంది. నీ మోకాళ్ళ నొప్పి తగ్గి, పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డుకు మళ్ళీ నడిచి వెళ్ళాలని కోరుకుంటున్నాను.”

గట్టిగా చదివి చూసుకున్నాను, ఎక్కడా గొంతు అడ్డుపడలేదు. మొదట చివర్లో ‘నీ రుణం తీర్చుకోలేనిది’ అని కూడా రాశాను, కాని అక్కడ మాట పెగలకపోవడంతో కొట్టేశాను.

గుణుపురం మాస్టారు
కొట్టేసి మంచి పని చేశారు. ఒక్క మాట మాత్రం చూసుకోండి. ఆ అరుగు ఇప్పుడు వీధివైపు వాటాలోనే ఉంటుంది కదా? మీరు అనుకోకపోయినా, ఆ పేరు ఎత్తగానే బంధువులకు పంపకం గుర్తొస్తుంది. ‘దీపం దగ్గర’ అంటే సరిపోతుందేమో.

రాయగడ కోడలు
నేను ఒప్పుకోను. ఆమె అక్షరాలు నేర్చుకున్నది అరుగు మీదే. పంపకం ప్రస్తావన తేకపోవడం వరకు మర్యాద అవుతుంది, కాని జ్ఞాపకంలోంచి అరుగును కూడా తీసేయమంటే అది రెండోసారి పంపకం పెట్టినట్టే.

గుణుపురం మాస్టారు
మీ మాటలో న్యాయం ఉంది, అయినా నాకు జంకు తగ్గలేదు.

పర్లాకిమిడి ఆడపడుచు
అరుగు సంగతి నాకు తట్టనే లేదు. మిగిలిన వాక్యాలు అలాగే ఉంచుతున్నాను. ఈ ఒక్క మాట మాత్రం అమ్మకు చదివి వినిపించి, ఆమె ఉంచమంటే ఉంచుతాను.