టీమ్ డాక్యుమెంటులో నా రెండు పేజీలు ఐదు లైన్లయ్యాయి, ఏం చేయాలి?

ఆదోని అబ్బాయి: అన్నలకు, అక్కలకు నమస్కారం. ఎమ్మెస్‌కని డాలస్ వచ్చి ఐదు వారాలైంది. నలుగురం కలిసి గూగుల్ డాక్స్‌లో నీటిపారుదల మీద రిపోర్టు రాస్తున్నాం. కేసీ కెనాల్ గురించి నేను రాసిన రెండు పేజీలు ఈ పొద్దున చూస్తే ఐదు లైన్లున్నాయి. టీమ్‌లో ఒకతను "పెద్దగా ఉందని కుదించాను" అన్నాడు. శుక్రవారం ఇచ్చేయాలి. పాతది వెనక్కి తేవొచ్చా? గొడవవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ప్రొద్దుటూరు పాతకాపు: ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకు తమ్ముడూ? `Version history` తెరువు, నిన్నటి తేదీ మీద నొక్కు, `Restore this version` కొట్టు. అయిపోయింది.

అనంతపురం అక్క: నాయనా, అది మాత్రం కొట్టొద్దు. అది నీ రెండు పేజీలను ఒక్కటే కాదు, డాక్యుమెంటు మొత్తాన్నీ నిన్నటికి తీసుకుపోతుంది. ఈ పొద్దున మిగతా ముగ్గురూ రాసింది వాళ్ళ కళ్ళముందే మాయమవుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ.

ముందు `File`లో `Version history`కి పోయి `Name current version` నొక్కి, "బుధవారం పొద్దున" అని ఏదో ఒక పేరు పెట్టు. తర్వాత `See version history` తెరువు. కుడివైపు తేదీలు వస్తాయి. తేదీ పక్కన బాణం గుర్తు ఉంటే నొక్కు, ఆ రోజు జరిగిన మార్పులు విడివిడిగా కనిపిస్తాయి. ఎవరు మార్చారో వాళ్ళ రంగులో ఉంటుంది, తీసేసిన మాటల మీద గీత ఉంటుంది. ఆ కోత పడకముందరి వెర్షన్ తెరిచి, నీ రెండు పేజీలు మాత్రం కాపీ చేసుకుని బయటికి రా.

ఇప్పుడు పైన కుడివైపు పెన్సిల్ గుర్తు దగ్గర `Suggesting`కి మారి, అప్పుడు పేస్ట్ చెయ్. వెంటనే కలిసిపోదు, రంగులో సూచనగా నిలబడుతుంది. దాని పక్కనే అతని మెయిల్ ముందు @ పెట్టి కామెంట్ రాయి. "ఎందుకు తీశావ్" అని కాదు. "కాలువ సుంకేసుల దగ్గర మొదలవుతుందన్న మాట పోయింది, అది లేకుంటే తర్వాతి పేరా అర్థం కాదు, ఇంత వరకు ఉంచుదామా" అను. ఒక మాట పట్టుకుని అడిగితే ఒప్పుకుంటారు.

ప్రొద్దుటూరు పాతకాపు: అక్కా, రిస్టోర్ చేస్తే తర్వాతివి చెరిగిపోవు. అవి కూడా లిస్టులోనే ఉంటాయి, మళ్ళీ తెచ్చుకోవచ్చు.

అనంతపురం అక్క: ఉంటాయి, కాదనలేదు. కానీ ఆ సంగతి ఆ ముగ్గురికి తెలిసేలోపు ఫోన్లు మోగుతాయి కదప్పా.

కడప అన్న: ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇట్లాగే మునిగినా. అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళు ఇంటి పరిస్థితి లిస్టు ఇట్లాంటి డాక్యుమెంటులోనే పంపినారు. దిగిన రోజే "బెడ్రూం కార్పెట్ మీద మరక ముందే ఉంది" అని కామెంట్ పెట్టినా. ఏడాది తర్వాత డిపాజిట్‌లో కోత వేసినారు. చూస్తే నా కామెంట్ లేదు. ఎవరో `Resolve` కొట్టి ఉంటారు, పైన కామెంట్ల గుర్తు నొక్కితే దొరుకుతుందని రూమ్మేట్ అన్నాడు. అక్కడా లేదు, డిలీట్ చేసినారు. వెర్షన్ హిస్టరీ చూద్దామంటే నాకు కామెంట్ చేసే అనుమతే ఇచ్చినారు, ఎడిటర్లకు తప్ప అది కనపడదు. చివరికి ఆ కామెంట్‌కు రూమ్మేట్ పేరు తగిలించి ఉన్నా కాబట్టి, అతనికి పోయిన మెయిల్ దొరికింది. అది చూపిస్తే సగం డబ్బు వెనక్కిచ్చినారు. కాబట్టి ముందు నీకు ఎడిట్ అనుమతి ఉందో లేదో చూసుకో.

గుత్తి వాసి: కేసీ కెనాల్ మొదట సేద్యానికే కాదు, పడవల రవాణాకు కూడా తవ్వింది. అది రాశావా?

ఆదోని అబ్బాయి: రాశానన్నా, ఆ పేరానే ముందు పోయింది! అక్క చెప్పినట్టే చేశాను. అతను రెండు పేరాలకు టిక్ కొట్టి ఒప్పుకున్నాడు, పడవల సంగతి మాత్రం వద్దన్నాడు. ఇంకో చిక్కు. మొదటి పేజీ నేను వర్డ్‌లో రాసి మెయిల్ చేస్తే టీమ్‌లో ఇంకొకరు పేస్ట్ చేశారు. హిస్టరీలో అది మొత్తం వాళ్ళ రంగులోనే ఉంది. ఎవరెంత రాశారో ప్రొఫెసర్ అక్కడే చూస్తారంట.

అనంతపురం అక్క: పేస్ట్ చేసినవాళ్ళ పేరే పడుతుంది, అది మారదు. నువ్వు పంపిన మెయిల్ తేదీతో సహా దాచిపెట్టుకో.

ప్రొద్దుటూరు పాతకాపు: ప్రొఫెసర్లు అవన్నీ చూడరులే.

కడప అన్న: మా వాడి ప్రొఫెసర్ చూసినాడు. గట్టిగానే చూసినాడు.