మూడోసారీ రాలేనన్న స్నేహితురాలికి నొప్పించకుండా ఏమని బదులివ్వాలి?

ప్రశ్న అడిగినవారు:
అందరికీ నమస్కారం. నా స్నేహితురాలితో వాట్సాప్‌లో జరిగిన సంభాషణను ఫోటో తీసి పెట్టాను. నా ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసే మీట పాడైపోవడం వల్ల ఇంకో ఫోనుతో తీయవలసి వచ్చింది, అందుకే చివరి వరుస మీద లైటు వెలుగు పడింది. ఆమె పేరు, బొమ్మ కనబడకుండా పైభాగం కత్తిరించాను. మేమిద్దరం ఈ సాయంత్రం 6 గంటలకు కలవాలి. 4:12కి ఆమె నుంచి, "సారీ, ఈరోజు కూడా రాలేకపోతున్నాను, ఆఫీసు పని తెమలలేదు" అని వచ్చింది. రెండు నెలల్లో ఇది మూడోసారి. నేను టైపు చేసి పంపకుండా ఆపిన జవాబు కూడా కింద కనబడుతుంది: "సరేలే, నీకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుందిగా." ఇది పంపకూడదని తెలుసు, కానీ దీని బదులు ఏం రాయాలో తోచడం లేదు. నేను చదివినట్టు ఆమెకు నీలం టిక్కులు కూడా పడిపోయాయి.

మొదటి సభ్యుడు:
మూడుసార్లు మాట తప్పినప్పుడు కారణాలు చెప్పుకోవడం కన్నా నేరుగా క్షమాపణ అడగడమే మంచిదండీ. మీ తప్పు ఒప్పుకుని, వచ్చే వారం తప్పకుండా వస్తానని రాయండి.

ప్రశ్న అడిగినవారు:
రాలేనన్నది నేను కాదండీ. ఎడమవైపు తెల్ల గడిలో ఉన్నవి ఆమె మాటలు, కుడివైపు పచ్చ గడిలో ఉన్నవి నావి. పైభాగం కత్తిరించడం వల్ల ఎవరు ఎవరో తెలియకుండా పోయినట్టుంది.

రెండో సభ్యుడు:
కోపంగా ఉన్నప్పుడు జవాబు రాయకపోవడమే మేలు. రేపు ఉదయం వరకు ఏమీ పంపకండి. ఇంకో విషయం గమనించారా? 4:09కి ఆమె ఒక సందేశం పంపి తొలగించినట్టు ఫోటోలో ఉంది. మొదట వేరే కారణం రాసి, తరువాత ఆఫీసు పని అని మార్చిందన్నమాట. ఆ సంగతి ముందు అడగండి.

మూడో సభ్యురాలు:
పై సలహాలో సగం నేను ఒప్పుకుంటాను. కోపంలో పొడుగాటి జవాబు రాయకూడదన్నది నిజమే. అయితే నీలం టిక్కులు పడ్డాక రేపటి వరకు మౌనంగా ఉంటే, ఆ మౌనమే ఒక జవాబుగా ఆమెకు చేరుతుంది, అది మీరు ఆపుకున్న వాక్యం కన్నా కటువుగా కూడా తోచవచ్చు. ఇక తొలగించిన సందేశం సంగతి. అక్షర దోషం వచ్చినా తొలగిస్తాం, వేరే వాళ్లకు పంపాల్సింది పొరపాటున వచ్చినా తొలగిస్తాం. అందులో ఏముందో ఎవరికీ తెలియనప్పుడు దాని మీద అనుమానం కట్టుకోవడం న్యాయం కాదు.

మీరు ఆపిన వాక్యాన్ని ఒకసారి చూద్దాం, ఎందుకంటే అసలు నొప్పి అందులో రెండు చిన్న చోట్ల ఉంది. "సరే" అంటే ఒప్పుకోవడం, "సరేలే" అంటే ఇక చేసేదేముందని వదిలేయడం. ఆ "లే" ఎదురుగా మాట్లాడేటప్పుడు గొంతును బట్టి మెత్తగా కూడా వినిపిస్తుంది గానీ, తెర మీద మాత్రం విసుగుగానే కనబడుతుంది. రెండోది "ఎప్పుడూ". ఇది మూడు సాయంత్రాల గురించిన మాటను ఆమె స్వభావం గురించిన తీర్పుగా మార్చేస్తుంది, అప్పుడు ఆమె తాను వచ్చిన రోజులన్నీ లెక్క చెప్పుకోవలసి వస్తుంది. ఇంత దగ్గరి స్నేహితుల మధ్య హఠాత్తుగా "మీరు" అనడం, లేదా ఉత్త "ఓకే" అని పెట్టడం కూడా ఈ కోవలోనివే.

జవాబు రాసే ముందు రెండు సంగతులు చెప్పండి. మూడుసార్లూ రోజు నిర్ణయించింది ఎవరు? ఆ వెలుగు పడిన చివరి వరుసలో ఏముంది?

నాలుగో సభ్యురాలు:
నా సొంత అనుభవం చెబుతాను. ఒకప్పుడు ఇలా వరుసగా రాలేనన్నది నేనే. ఇంట్లో ఒకరికి జబ్బు చేసింది, ఆ సంగతి చెప్పుకోలేక ప్రతిసారీ పని అని రాసేదాన్ని. నా స్నేహితురాలు "పర్వాలేదు, పర్వాలేదు" అంటూ వచ్చి ఒకరోజు పిలవడమే మానేసింది. తనకు బాధ కలుగుతోందని ఒక్కసారి చెప్పి ఉంటే నేనూ నోరు విప్పేదాన్నేమో. కాబట్టి దయచేసి ఉత్త "పర్వాలేదు"తో సరిపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
మూడుసార్లూ రోజు నేనే చెప్పాను, మూడూ పనిదినాల సాయంత్రాలే. మొదటి రెండుసార్లు రాలేకపోయినప్పుడు ఆమే ఇంకో వారం కలుద్దామంది, ఈసారి ఆ మాట లేదు. చివరి వరుస మళ్ళీ ఫోను తెరిచి చూశాను. "నిన్ను మళ్ళీ మళ్ళీ ఇలా చేయడం నాకే సిగ్గుగా ఉంది" అని ఉంది. కోపంలో ఆ వరుస మీదుగా కళ్ళు జారిపోయాయి.

మూడో సభ్యురాలు:
అయితే మీ జవాబు మొదలుపెట్టాల్సింది ఆ వరుస దగ్గరే. ఆమె కొత్త రోజు చెప్పకపోవడం నిర్లక్ష్యం కాకపోవచ్చు, మళ్ళీ మాట ఇచ్చి తప్పుతానేమోనన్న భయం కావచ్చు. ఏదని తేల్చలేం గానీ, రెండింటికీ సరిపోయే జవాబు ఒకటి ఉంది. ఆమె మాట అందిందని చెప్పండి, మీ మనసులో ఉన్నది ఒక్క వాక్యంలో చెప్పండి, తరువాతి రోజు నిర్ణయం ఆమె చేతిలో పెట్టండి. ఇలా రాసి చూడండి:

"పని ముందు చూసుకో, దానికి సిగ్గుపడకు. నిన్ను చూద్దామని ఎదురుచూశాను, అందుకే కాస్త దిగులుగా ఉంది. పనిరోజు సాయంత్రాలు నీకు కష్టమవుతున్నట్టున్నాయి. ఈసారి రోజు నువ్వే చెప్పు, సెలవు రోజు ఉదయమైనా సరే, పావుగంట ఫోన్లో మాట్లాడుకున్నా సరే."

ప్రశ్న అడిగినవారు:
దిగులు అన్న వాక్యం తరువాత "కోపం మాత్రం లేదు" అని చేర్చవచ్చా?

మూడో సభ్యురాలు:
కోపం వచ్చిందని మీరే మొదట చెప్పారు కదమ్మా. లేనిది రాస్తే అది ఇంకో రోజు ఇంకో రూపంలో బయటపడుతుంది. దిగులు నిజం, అది చాలు. మూడోసారి అన్న లెక్క కూడా ఇందులో వద్దు. ఆ సంగతి కలిసినప్పుడు ముఖాముఖి మాట్లాడుకోవచ్చు.

రెండో సభ్యుడు:
తొలగించిన సందేశం గురించి నేను తొందరపడ్డాను. కానీ లెక్క చెప్పవద్దన్న మాట నేను ఒప్పుకోలేను. ఇలా మెత్తగా రాస్తే నాలుగోసారి కూడా జరుగుతుంది. "ఇది మూడోసారి" అని ఒక్క ముక్క చేర్చడంలో నిందేముంది?

మూడో సభ్యురాలు:
ఆమె సిగ్గుగా ఉందని రాయకపోయి ఉంటే నేనూ చేర్చమనేదాన్ని. తనంతట తాను ఒప్పుకున్నదాన్ని మళ్ళీ గుర్తుచేయడం ఈ పూట అవసరం లేదనే నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
4:50కి పంపాను. "ఎదురుచూశాను" పక్కన "నిజంగా" అని ఒక మాట నా తరఫున చేర్చాను, మిగతాదంతా అలాగే ఉంచాను. ఆమె చదివింది. కాసేపు టైపు చేస్తున్నట్టు కనబడి ఆగిపోయింది. తరువాత, "రాత్రి ఫోన్ చేస్తాను, చెప్పాల్సినవి ఉన్నాయి" అని వచ్చింది. ఒకవేళ ఈ రాత్రి ఫోన్ రాకపోతే నేనే చేయాలా?

నాలుగో సభ్యురాలు:
నేనైతే చేస్తాను. మోగించి, ఎత్తకపోతే వదిలేయండి, మెసేజ్ మాత్రం పెట్టకండి.

రెండో సభ్యుడు:
నేనైతే రేపటి వరకు ఆగుతాను. ఫోన్ చేస్తానన్నది ఆమె కదా.