పెద్ద గ్రూప్‌ని మ్యూట్ చేస్తే మనకు పెట్టినవి మోగుతాయా?

హరిత: వాట్సాప్ గ్రూప్‌లో 200 మందికి పైగా ఉన్నాం, రోజంతా మోతే. మ్యూట్ చేస్తే నన్ను అడిగినవి కూడా మోగవా? అలా చేయడం తప్పా?

కోటేశు: మోగుతాయి, తప్పు కాదు. 8 గంటలకైనా, వారానికైనా, ఎప్పటికీ అయినా మ్యూట్ చేయండి. @ కొట్టి మీ పేరు ఎంచుకున్నా, మీ మెసేజ్‌కి రిప్లై ఇచ్చినా నోటిఫికేషన్ వస్తుంది.

వంశీ: ఇదంతా ఎందుకు, ఆర్కైవ్ చేసేయండి. అప్పుడు ఏదీ మోగదు.

కోటేశు: ఆర్కైవ్‌లో ఉన్నా మెన్షన్, రిప్లై వస్తే తెలుస్తుంది.

పద్మజ: మ్యూట్ చేయొద్దండీ. నేను అడ్మిన్‌ని. మీటింగ్ టైమ్ మారిందని గ్రూప్‌లో పెట్టాను. చాలామంది పాత టైమ్‌కే వచ్చారు, అడిగితే "మ్యూట్‌లో ఉంది" అన్నారు.

కోటేశు: అందులో ఎవరి పేరూ లేదు కదండీ, ఎలా మోగుతుంది? ఇంకో చిక్కుంది. ఎవరో "హరిత గారూ, జాబితా మీ దగ్గరుందా?" అని పేరు ఊరికే టైప్ చేశారనుకోండి. మోగదు. దానికి వంశీ గారు "ఆమె దగ్గరే ఉంది" అని రిప్లై ఇస్తే, మోగేది అడిగినవాళ్ళకి. హరిత గారి గురించే ఇంత నడిచినా ఆమె ఫోన్ కిక్కురుమనదు. @ కొట్టాక వచ్చే పేర్లలోంచి ఎంచుకుంటేనే పేరు రంగు మారుతుంది. అలా పిలిస్తే చాట్‌ల జాబితాలో గ్రూప్ పక్కన @ గుర్తు కనిపిస్తుంది. అంకె మాత్రమే ఉంటే మిమ్మల్ని మెన్షన్ చేయలేదన్నమాట.

పద్మజ: అయితే నేను 200 పేర్లూ కొట్టాలా?

కోటేశు: అక్కర్లేదు. అడ్మిన్లు మాత్రమే పంపేలా ప్రకటనలకి వేరే గ్రూప్ పెట్టండి. అందులో కబుర్లుండవు కాబట్టి మ్యూట్ చేయాల్సిన పని పడదు.

పద్మజ: మళ్ళీ ఆ పనీ నాకేనా! ఆ రోజు తిట్లు తిన్నది నేను. గ్రూప్‌లో చేరినప్పుడు రోజుకొకసారైనా తెరిచి చూడాలన్న బాధ్యత ఎవరికీ ఉండదా?

హరిత: తెరిచి చూస్తానండీ, రాత్రి తీరిక దొరికాక. పని మధ్యలో శుభోదయం బొమ్మలకి ఫోన్ మోగకూడదనే నా గొడవ. నా ఫోన్ ఎప్పుడు మోగాలో నేను నిర్ణయించుకోకూడదా?

పద్మజ: నేను పంపింది అర్జెంటో కాదో కూడా మీరే నిర్ణయిస్తున్నారు. నాకు కష్టంగా ఉన్నది అదే.

వంశీ: ఫోనే సైలెంట్‌లో ఉంటే @ కొట్టినా మోగదు కదా?

కోటేశు: మోగదు. అంత తొందరైతే కాల్ చేయాల్సిందే.

పద్మజ: 200 మందికా?