ఎప్లీ తర్వాత తల తిరుగుడు తీరు మారింది, ఇప్పుడు ఏ విధానం అడగాలి?

కుడివైపు ఒత్తిగిలిన కొన్ని సెకన్లకు మొదలై అర నిమిషంలోపే తగ్గే తల తిరుగుడు మా అమ్మకు ఉండేది. లోపలి చెవిలోని యూట్రికిల్ అనే సంచి నుంచి ఊడిన కాల్షియం రేణువులు కుడి చెవిలోని వెనుక అర్ధవృత్తాకార నాళంలో చేరాయని చెప్పి, ఇక్కడ చెన్నైలో ఈఎన్‌టీ వైద్యులు తలను వరుసగా తిప్పి ఆ రేణువులను నాళం నుంచి బయటకు పంపే ఎప్లీ విధానం చేశారు. అది పోయింది గానీ, ఇప్పుడు వెల్లకిలా పడుకుని తలను ఏ పక్కకు తిప్పినా వెంటనే గది అడ్డంగా తిరుగుతోంది, కనుగుడ్లు నేలవైపున్న చెవి దిక్కుకే గబగబా కొట్టుకుంటున్నాయి. కుడివైపు మరీ ఎక్కువ. వినికిడి, మాట, నడక మామూలుగానే ఉన్నాయి. మళ్లీ ఎప్లీ చేయించినా ఫలితం లేకపోవడంతో, రేణువులు క్షితిజ సమాంతర నాళంలోకి జారాయని నా అనుమానం. మోకాళ్ల నొప్పుల వల్ల బోర్లా పడుకోలేని ఆమెకు, ఎడమవైపుకు పూర్తిగా దొర్లించే బార్బెక్యూ విధానానికి బదులు, ఎడమ పక్కకు పడుకోబెట్టే గుఫోనీ సరిపోతుందా?