అప్‌డేట్: మా ఇంటి నూనెలు, నెయ్యి లెక్క

నా ప్రశ్న: వేరుశనగ నూనె, కొబ్బరి నూనె, నెయ్యి మూడూ వాడే ఇంట్లో రోజుకు ఏ కొవ్వు ఎంత తింటున్నామో ఎలా లెక్కేయాలి?

మీరు చెప్పినట్టే చెంచాల లెక్క మానేసి, సీసాలను పొద్దున, రాత్రి తూచాను. అప్పడాలు వేయించాక మూకుడులో మిగిలిన నూనెను లెక్కలోంచి తీసేశాను. మొదటిసారి లెక్క తప్పింది అక్కడే.

నలుగురికి పంచితే నా వాటా వేరుశనగ నూనె 20 గ్రాములు, నెయ్యి 10, కొబ్బరి నూనె 5. సంతృప్త కొవ్వు వేరుశనగ నూనెలో సుమారు ఐదో వంతు, నెయ్యిలో 60 శాతం, కొబ్బరి నూనెలో 90 శాతం. అంటే 4, 6, 4.5, మొత్తం 14.5 గ్రాములు. ఒక్క చెంచాడు కొబ్బరి నూనె అంత వేరుశనగ నూనెనూ దాటేసింది! ఏక అసంతృప్తం 13, బహుళ అసంతృప్తం 6 గ్రాముల దాకా వచ్చాయి, ఎక్కువ భాగం వేరుశనగ నూనె నుంచే. పాలు, పల్లీలు ఇంకా కలపాలి.