ఒక్క అపార్ట్‌మెంట్‌తో థీసిస్ నిలబడుతుందా, ఇంకో రెండు చేర్చాలా?

బెల్లందూరు స్కాలర్
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ, మూడో ఏడు. సర్జాపూర్ రోడ్డులో 212 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి తీసుకుని, ఫ్లాట్ వారీగా నీళ్ల మీటర్లు పెట్టాక ఏం జరిగిందో 14 నెలలు చూశాను. బోర్లు ఎండిపోయి పూర్తిగా ట్యాంకర్ల మీద బతికే చోటు. కమిటీ మీటింగులకు వెళ్లాను, సెక్యూరిటీ అన్న రాసే ట్యాంకర్ల రిజిస్టరు పేజీ పేజీ ఫొటో తీసుకున్నాను. రోజుకు 11 ట్యాంకర్లు 7కి దిగాయి.

మొన్న డాక్టోరల్ కమిటీలో ఒకాయన, "ఊళ్లో వేల అపార్ట్‌మెంట్లుంటే ఒక్కదాన్ని చూసి ఏం చెబుతావమ్మా, కనీసం 30 చెయ్యి" అన్నారు. 30 నా వల్ల కాదు. ఇంకో రెండు చేరిస్తే ఊరుకుంటారా?

గణాంకాల గోపి
ఆయన అన్నది సబబే. 30 దాటితేనే సగటు మీద నమ్మకం పెట్టుకోగలం. కుదరకపోతే లాటరీ తీసి ఎనిమిదో పదో చేయండి. ఒకటి కంటే మూడు నయం, మూడు కంటే ఎనిమిది నయం. ఇందులో ఆలోచించడానికేముంది?

సంపు సెక్రటరీ
మీటర్లు ఏ కంపెనీవి మ్మా? మాది అనంతపురం, ఇక్కడ పాత బిల్డింగుకు సెక్రటరీగా ఇరుక్కున్నాను. మాకు ఒక్కో ఫ్లాటుకు నాలుగు పైపులు దిగుతాయి, వంటింటికొకటి, బాత్రూములకు వేరే. డబ్బు చాలక రెండు పైపులకే మీటర్లు బిగించినాము. బిల్లులు తగ్గినాయి గానీ ట్యాంకర్లు ఒక్కటీ తగ్గలే! జనం మీటరు లేని బాత్రూములో బకెట్లు పట్టుకుంటున్నారు.

పాత ఎగ్జామినర్
గోపి గారూ, ఎనిమిదింటికి లాటరీ తీస్తే రెండు విధాలా నష్టం. ఊరి సగటు చెప్పడానికి ఎనిమిది చాలవు, ఒక్కో చోట ఏడాది కూర్చోవడానికి ఎనిమిది ఎక్కువ.

స్కాలర్ గారూ, "బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇంత శాతం" అనే వాక్యం మీ థీసిస్‌లో ఉందా? ఉంటే కమిటీ ఆయన అడిగింది న్యాయం, వెళ్లి సర్వే చేయండి. లేకపోతే, తగ్గడానికి కారణం ఏమిటన్నదే మీ థీసిస్. మరో చోటికి తీసుకెళ్లి పరీక్షించగలిగేది ఆ కారణాన్నే.

ఒక్క కేసు ఎప్పుడు చాలుతుందో చూడండి. 1911లో మిఖెల్స్ అనే ఆయన, సంస్థ ఏదైనా చివరికి కొద్దిమంది గుప్పిట్లోకి పోక తప్పదన్నాడు. లిప్సెట్, మరో ఇద్దరు కలిసి అమెరికాలో అచ్చు కార్మికుల యూనియన్ ఒక్కదాన్నే పట్టుకుని 1956లో పుస్తకం తెచ్చారు. ఆ యూనియన్‌లో రెండు పార్టీలు పోటీపడేవి, పదవులు చేతులు మారేవి. మిఖెల్స్ లెక్క ప్రకారం అలాంటిది ఉండకూడదు. యూనియన్లన్నీ ఇలాగే ఉంటాయని వాళ్లేమీ అనలేదు. ఏ పరిస్థితుల్లో ఆ సూత్రం పనిచేయదో చెప్పారు. (లిప్సెట్ తండ్రి అదే యూనియన్ సభ్యుడు. తెలిసిన గుమ్మంలోంచి లోపలికి వెళ్లడం తప్పేం కాదు.)

మీ కారణం ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి, తర్వాత మాట్లాడదాం.

బెల్లందూరు స్కాలర్
"వాడిన నీళ్లకు వాడినవాళ్లే డబ్బు కడితే వాడకం తగ్గుతుంది."

పాత ఎగ్జామినర్
ఇదే ఫలితం రావడానికి ఇంకే కారణాలు ఉండొచ్చు? 2024 మార్చిలో బెంగళూరు జలమండలి, కుళాయిల్లో ధార తగ్గించే ఆరేటర్లు తప్పనిసరి చేసింది కదా. మీ దగ్గర అవి ఎప్పుడు బిగించారు? మొదటి బిల్లు ఎప్పుడొచ్చింది? పని చేసింది బిల్లే అయితే, అది చేతికి వచ్చేదాకా రిజిస్టరులో కదలిక ఉండకూడదు.

బెల్లందూరు స్కాలర్
రాత్రి కూర్చుని చూశాను. కొంచెం సిగ్గుగానే ఉంది. మార్చి చివర మీటర్లు. ఏప్రిల్ మొదటి వారంలో ఆరేటర్లు. మొదటి బిల్లు జూన్ 10న. రిజిస్టరులో ఏప్రిల్ మధ్యకే 11 కాస్తా 9 అయింది, అప్పటికి ఎవరికీ బిల్లే రాలేదు. 9 నుంచి 7కి దిగింది జూన్ చివర్లో. అంటే సగం తగ్గుదల నా సిద్ధాంతానిది కాదు.

గణాంకాల గోపి
ఆ రెండో సగం కూడా వాన వల్లే అనొచ్చుగా? జూన్‌లో ఎండ తగ్గింది, వాడకమూ తగ్గింది.

పాత ఎగ్జామినర్
మంచి ప్రశ్న. స్కాలర్ గారూ, నీళ్ల ఖర్చు అద్దెలోనే కలిపేసి, బిల్లు ఓనరే కట్టే ఫ్లాట్లు ఉన్నాయా?

బెల్లందూరు స్కాలర్
41 ఉన్నాయి. ఏప్రిల్ నుంచి ప్రతి ఫ్లాటు రీడింగూ నా దగ్గరుంది. సొంతంగా బిల్లు కట్టే వాళ్ల రీడింగులు జూన్ తర్వాత దిగాయి. ఈ 41 ఫ్లాట్లు దాదాపు అక్కడే ఉన్నాయి.

పాత ఎగ్జామినర్
వాన 212 ఫ్లాట్ల మీదా ఒకేలా పడింది. తగ్గింది మాత్రం జేబుకు తగిలిన చోటే. ఒకే కేసులో రెండు రకాల ఫ్లాట్లు ఉండటం మీ అదృష్టం. మొత్తం ట్యాంకర్ల లెక్క ఒక్కటే చూపితే ఇది బయటపడేది కాదు. అద్దెవాళ్లే వేరే రకం మనుషులు అనే మాట మాత్రం మిగులుతుంది. తామే బిల్లు కట్టే అద్దెవాళ్లను విడదీసి చూడండి.

ఇప్పుడు రెండో కేసు సంగతి. మీ దానిలాంటిదే ఎంచుకుంటే మళ్లీ అదే రావాలి. మీటర్లు ఉండి కూడా మెయింటెనెన్స్ చదరపు అడుగుల లెక్కనే వసూలు చేసేచోటికి వెళ్తే ఏ మార్పూ ఉండకూడదు. రెండోదే గట్టి పరీక్ష. గుమ్మం దాటకముందే ఏమవుతుందనుకుంటున్నారో తేదీ వేసి రాసి, మీ గైడుకు మెయిల్ చేయండి.

తెల్లకాగితం
నా పాపం చెప్పుకుంటాను. ఎంఫిల్‌లో నాలుగు చిన్న ఫ్యాక్టరీలు చేసి, చివర టేబుల్‌లో "75 శాతం కేసుల్లో రుజువైంది" అని రాశాను. ఎగ్జామినర్ ఎర్రపెన్నుతో "దేనిలో 75 శాతం?" అని రాశారు. కుదరని ఆ నాలుగో ఫ్యాక్టరీ ఎందుకు వేరుగా ఉందో రెండు పేజీలు రాసుంటే అదే నా థీసిస్ అయ్యేది. నాలుగు చోట్లా తలా మూడు వారాలు తిరిగాను, ఏ ఒక్కదాని సంగతీ పూర్తిగా తెలియలేదు. ఎన్ని కావాలో పెద్దవాళ్లకే పడలేదు మరి. 1989లో ఐసెన్‌హార్ట్ నాలుగు నుంచి పది అంటే, 1991లో డయర్, విల్కిన్స్ ఒక్కటే లోతుగా చూడటం మేలని వాదించారు.

గణాంకాల గోపి
సరే, లాటరీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక అనుమానం. కేసు కుదరనప్పుడల్లా "ఇక్కడ పరిస్థితి వేరు" అని సిద్ధాంతానికి ఒక షరతు తగిలిస్తే అది ఎప్పటికీ ఓడదు కదా?

పాత ఎగ్జామినర్
ఆ ప్రమాదం ఉంది. తగిలించిన షరతును కొత్త కేసులో మళ్లీ పరీక్షించాలి అంటాం. అక్కడా కుదరకపోతే ఎక్కడ ఆగాలో నాకూ గట్టి గీత తెలియదు. సర్వేలో పొరపాటుకు లెక్క కట్టే పద్ధతి ఉంది. ఇక్కడ చదివేవాళ్లు ఒప్పుకోవడమే ఉంది.

బెల్లందూరు స్కాలర్
సెక్రటరీ గారి బిల్డింగు నాకు భలే కుదురుతుంది. సగం పైపులకే మీటర్లు కాబట్టి మొత్తం వాడకం తగ్గకూడదు.

తెల్లకాగితం
తగ్గలేదని ఆయన పైనే చెప్పేశారుగా! ముందే జవాబు తెలిశాక అది మీ అంచనా ఎలా అవుతుంది?

బెల్లందూరు స్కాలర్
అవును... అయితే ఆయన చెప్పనిది అంచనా వేస్తాను. మీటరు లేని పైపుల్లో వాడకం మొదటి బిల్లు తర్వాతే పెరిగి ఉండాలి, అదీ బిల్లు తామే కట్టే ఫ్లాట్లలో. దాన్ని ఎలా కొలవాలో ఇంకా తెలియదు, ఆ పైపులకు మీటర్లే లేవు! గైడుకు మాత్రం ఇప్పుడే మెయిల్ పెట్టాను. సెక్రటరీ గారూ, ఒకసారి రావచ్చా?

సంపు సెక్రటరీ
ఆదివారం పది దాటినాక రా మ్మా, అంతకుముందు ట్యాంకరోళ్లతో గొడవ ఉంటుంది. అంతా విన్నా గానీ, మీటరు ఏ కంపెనీదో ఎవురూ చెప్పకపోతిరి.